చవక సిమ్ పక్కనే ఉన్నా నాన్న ఎందుకు మారరు?

ప్రశ్న: మా నాన్న ఫోన్ రీచార్జ్ చేయించిన ప్రతిసారీ "అవతలి కంపెనీలో అయితే నెలకి నలభై రూపాయలు తక్కువ" అంటారు. మళ్లీ ఇక్కడే చేయిస్తారు. తక్కువకి దొరుకుతుంటే ఎక్కువ ఎందుకు ఇవ్వడం? (ఎనిమిదో తరగతి విద్యార్థిని)

జవాబు: ఈ ప్రశ్న మీద ఆర్థికశాస్త్రజ్ఞులు లావుపాటి వ్యాసాలే రాశారు, కాబట్టి చిన్న ప్రశ్న అనుకోకు. ముందు ఫోన్ సంగతి పక్కన పెట్టి అద్దె ఇంటి గురించి ఆలోచిద్దాం. పక్క వీధిలో ఇల్లు నెలకి ఐదు వందలు తక్కువకి దొరుకుతుంది. అయినా చాలామంది వెంటనే లేచి వెళ్లిపోరు. సామాను కట్టాలి, ఆటోట్రాలీ మాట్లాడాలి, పాలబ్బాయికీ పేపరబ్బాయికీ చెప్పాలి, మంచిరోజు చూసి పాలు పొంగించాలి. ఇవన్నీ కలిపితే ఆరేడు వేలు అవుతాయనుకో. అంటే ఏడాదికి ఆరు వేలు మిగలడం కోసం ముందుగా అంతకు అంత ఖర్చు పెట్టాలి. ఈ లెక్క ఇంటివాళ్లకీ తెలుసు. అందుకే మనం ఇల్లు ఖాళీ చేయనంత మేరకు, అంటే రెండు మూడు వందలు, ధైర్యంగా పెంచుతారు.

ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారడానికి పట్టే డబ్బు, సమయం, శ్రమ, భయం అన్నీ కలిపి "స్విచింగ్ కాస్ట్" అంటారు. మారే ఖర్చు అనుకో. అది పెద్దదై మనిషి కదల్లేకపోతే దాన్ని "లాక్-ఇన్" అంటారు. రెండు వస్తువుల ధరల్లో ఎంత తేడా ఉందన్నది ఒక్కటే చూస్తే నాన్న ప్రవర్తన వింతగా కనిపిస్తుంది. ఆ తేడాను మారే ఖర్చుతో పోల్చి చూస్తే వింత తగ్గుతుంది.

ఇప్పుడు ఫోన్‌కి వద్దాం. 2011కి ముందు మన దేశంలో కంపెనీ మారితే నంబరు కూడా మారేది. ఎందుకంటే నంబరులోని మొదటి అంకెలే అది ఏ కంపెనీది, ఏ సర్కిల్‌ది అని చెప్పేవి. ఎవరైనా ఫోన్ చేస్తే ఎక్స్ఛేంజ్ ఆ అంకెలు చూసి కాల్‌ని ఆ కంపెనీ వైపు పంపేది. నంబరు కంపెనీకి కేటాయించినది, మనం దాన్ని వాడుకునేవాళ్లం, అంతే.

ఒక ఎలక్ట్రీషియన్‌ని ఊహించుకో. షట్టరు మీద ఆయన నంబరు పెయింట్ చేసి ఉంది. ఐదేళ్లుగా పనిచేసి పెట్టిన ఇళ్లలో మీటరు పెట్టె పక్కన, క్యాలెండరు వెనక అదే నంబరు రాసి పెట్టుకున్నారు. ఇప్పుడు ఆయన చవక కంపెనీకి మారితే షట్టరు మళ్లీ పెయింట్ చేయించుకోవచ్చు, అది తన చేతిలో పని. ఆ ఇళ్ల గోడల మీద రాసినదాన్ని మార్చడం మాత్రం ఆయన వల్ల కాదు. ఫ్యాను ఆగిపోయిన రోజు వాళ్లు పాత నంబరుకే చేస్తారు, తగలకపోతే ఇంకొకరిని పిలుస్తారు. ఎన్ని పనులు పోయాయో ఆయనకి ఎప్పటికీ తెలియదు కూడా. ఇక్కడ తాళం కంపెనీ వేసింది కాదు. ఇతరుల జ్ఞాపకంలో ఉంది. లాక్-ఇన్ చాలాసార్లు ఇలాగే ఉంటుంది, అందుకే బయటికి కనిపించదు.

అలాంటప్పుడు ఆ రోజుల్లో కంపెనీలు ధరలు ఇష్టమొచ్చినట్టు పెంచాలి కదా అని నువ్వు అడగొచ్చు. అలా జరగలేదు. 2009లో టాటా డొకోమో సెకనుకి ఒక పైసా అని మొదలుపెడితే, కొన్ని నెలల్లోనే మిగతావాళ్లూ ఆ దారికి రావలసి వచ్చింది. కారణం ఏమిటంటే, అప్పుడు మొదటిసారి ఫోన్ కొనేవాళ్లు కోట్లలో ఉన్నారు. వాళ్లకి పాత నంబరు లేదు, మారే ఖర్చూ లేదు, చవకగా ఎవరిస్తే వాళ్ల దగ్గరికి వెళ్తారు. కొత్తవాళ్ల కోసం తగ్గించిన ధర పాతవాళ్లకీ కాస్త దక్కింది. ఊళ్లో అందరి చేతికీ ఫోన్ వచ్చేశాక ఆ రక్షణ పలచబడుతుంది. అప్పటినుంచి పోటీ అంటే అవతలివాళ్ల వినియోగదారుణ్ణి లాక్కోవడమే. నంబరు అనే తాళం అసలు బరువు చూపేది ఆ దశలోనే.

ఆ తాళం తీసిన పద్ధతి పేరు మొబైల్ నంబర్ పోర్టబిలిటీ. 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతా వచ్చింది. మొదట ఒక సర్కిల్ లోపలే కుదిరేది, 2015 జూలై నుంచి వేరే రాష్ట్రానికి వెళ్లినా అదే నంబరు ఉంచుకోవచ్చు. ఇది ఎలా పనిచేస్తుందంటే, మారిపోయిన నంబర్ల జాబితా ఒకటి ఉంటుంది. నువ్వు ఎవరికైనా ఫోన్ చేస్తే నీ కంపెనీ ముందు ఆ జాబితాలో ఈ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో చూసి, కాల్‌ని అటు పంపుతుంది. అంకెలు చూసి ఊహించడం పోయింది, వెతికి తెలుసుకోవడం వచ్చింది.

మారాలనుకున్నవాళ్లు PORT అని రాసి, ఒక ఖాళీ వదిలి, తమ పది అంకెల నంబరు రాసి 1900కి మెసేజ్ పంపాలి. ఎనిమిది అక్షరాల, అంకెల కోడ్ ఒకటి వస్తుంది. మన రాష్ట్రాల్లో అది నాలుగు రోజులు చెల్లుతుంది. ఆ కోడ్‌తో, ఆధార్‌తో కొత్త కంపెనీ దుకాణానికి వెళ్తే సిమ్ ఇస్తారు. 2019 డిసెంబరు నుంచి అమలైన నిబంధనల ప్రకారం సర్కిల్ లోపల మూడు పనిదినాల్లో పని పూర్తి కావాలి. రుసుము మొదట్లో గరిష్ఠంగా రూ.19 ఉండేది, 2019లో దాన్ని రూ.6.46 చేశారు. కోడ్ రాకపోతే సాధారణంగా కారణాలు ఇవీ: పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉండటం, సిమ్ తీసుకుని లేదా కిందటిసారి మారి తొంభై రోజులు దాటకపోవడం.

మరి ఆరు రూపాయల పని అయితే నాన్న ఎందుకు ఆగిపోయారు? పెద్ద తాళం ఊడితే, దాని వెనక అప్పటిదాకా కనిపించని చిన్న తాళాలు బయటపడతాయి. వాటిలో నాకు అన్నిటికంటే తెలివైనదిగా అనిపించేది దీర్ఘకాలపు రీచార్జ్. లెక్క సులువుగా ఉండేలా అంకెలు నేనే వేస్తున్నాను. నాన్న ఏడాది ప్లాన్ రూ.3,600కి వేయించారనుకో, అంటే నెలకి మూడు వందలు. ఐదు నెలలు గడిచాక అవతల నెలకి రూ.260 అని తెలిసింది. ఇప్పుడు మారితే మిగిలిన ఏడు నెలలకి అక్కడ రూ.1,820 కట్టాలి. ఇక్కడ ఆ ఏడు నెలలకి ఇచ్చిన రూ.2,100 తిరిగి రాదు, పోర్ట్ అయితే మిగిలిన వ్యాలిడిటీ పోతుంది. కాబట్టి ఉండిపోతే అదనపు ఖర్చు సున్నా, మారితే రూ.1,820. అవతలివాళ్లు సగం ధరకి ఇచ్చినా ఈ ఏడు నెలలూ లెక్క మారదు. నాన్న ఆగడం ఈ విషయంలో సరైనదే.

గడువు ముగిసిన రోజు మాత్రం లెక్క వేరు. ఆ రోజు మారితే ఏడాదికి రూ.480 మిగులుతుంది. దానికి దుకాణానికి వెళ్లాలి. సిమ్ మారిన కొన్ని గంటలు ఫోన్ పలకకపోవచ్చు. నంబరు అదే అయినా సిమ్ కొత్తది కాబట్టి యూపీఐ యాప్‌లు మళ్లీ ధ్రువీకరించమంటాయి. పూట పని పోయి నాలుగు వందల కూలి నష్టమైతే, మొదటి ఏడాది మిగిలేది ఎనభై రూపాయలు. రెండో ఏడాది నుంచి మాత్రం ఏటా రూ.480 పూర్తిగా లాభమే. అయితే ఇవాళ పోయే నాలుగు వందలు కళ్లముందు ఉంటాయి, వచ్చే ఏళ్లలో మిగిలేవి కనపడవు. ఇక్కడ చాలామంది లెక్క తప్పుతుంది.

ఇంకొక భయం ఉంది, అది ఉత్త భయం కాదు. అవతలి కంపెనీ సిగ్నల్ మీ వంటింట్లో అందుతుందా? మారితేగాని తెలియదు, మారాక తొంభై రోజులు మళ్లీ మారడానికి లేదు. దీన్ని ముందే తగ్గించుకోవచ్చు. ఆ కంపెనీ సిమ్ ఉన్న చుట్టాలెవరైనా వచ్చినప్పుడు ఇంట్లో మూల మూలలా మాట్లాడి చూడమంటే చాలు.

మన దేశంలో ప్రజలు ఈ చిక్కుకి తమ సొంత ఉపాయం ఒకటి కనిపెట్టారు: రెండు సిమ్‌ల ఫోన్. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు లక్షలమంది నంబరు పోర్ట్ చేసుకోలేదు. పాత సిమ్‌ని కాల్స్ కోసం, ఓటీపీల కోసం ఉంచుకుని, రెండో స్లాట్‌లో జియో వేసుకుని డేటా వాడుకున్నారు. మారకుండానే మారిపోయారన్నమాట. పాత కంపెనీల దగ్గర పేరుకి వినియోగదారులు ఉన్నారు, రాబడి లేదు. 2018 చివర్లో పెద్ద కంపెనీలు నెలకి కనీసం ముప్పై ఐదు రూపాయలు రీచార్జ్ చేస్తేనే సిమ్ పనిచేస్తుందనడం వెనక ఉన్న కారణం ఇదే.

ఎప్పుడూ మారని నాన్నకి కూడా ఈ సదుపాయం వల్ల లాభం ఉంది. కంపెనీకి ఎవరు ఉండిపోతారో, ఎవరు వెళ్లిపోతారో ముందుగా తెలియదు. వందలో పదిమంది వెళ్లిపోగలరన్న అనుమానం ఉంటే, మిగతా తొంభైమందికీ ధర పెంచే ముందు ఆలోచిస్తుంది. అమెరికాలో 1993లో వ్యాపారాల 800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్లకి ఇలాంటి వెసులుబాటు వచ్చింది. వాటి ధరలను తరువాత పరిశోధించిన ఆర్థికవేత్త బ్రయన్ వియార్డ్ ధరలు తగ్గాయనే తేల్చారు.

అయితే దీనికి ఒక హద్దు ఉంది. 2024 జూన్ చివర్లో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా ఒకటి రెండు రోజుల తేడాలో ధరల పెంపు ప్రకటించాయి. జూలై 3, 4 తేదీల్లో అమలు చేశాయి. పోర్ట్ చేసుకోవడం ఆరోజు కూడా అంతే తేలిక, కానీ ఈ మూడింటిలో ఎటు వెళ్లినా పెరిగిన ధరే. పెంచనిది బీఎస్ఎన్ఎల్, అందుకే ఆ నెలల్లో దానికి వెల్లువగా జనం వచ్చారు. దాని 4జీ టవర్లు ఇంకా రాని చోట్ల ఉన్నవాళ్లు మాత్రం కదలలేదు. వాళ్లని ఆపింది మారే ఖర్చు కాదు. వీడియో ఆగకుండా నడిచే నెట్, ఆగి ఆగి నడిచే నెట్ పేరుకి ఒకటే అయినా రెండు వేరు వేరు వస్తువులు, వాటి ధరలూ వేరుగానే ఉంటాయి. కాబట్టి నాన్నని అడిగేటప్పుడు ఆ నలభై రూపాయల తేడా ఒకే రకం సేవకా, తక్కువ రకం సేవకా అన్నది మొదట అడుగు. వ్యాలిడిటీ ఎప్పుడు అయిపోతుందో తరువాత అడుగు.