పొలం కొనకుండా కౌలు: లీప్స్‌తో కవర్డ్ కాల్

సొంత పొలాన్ని కౌలుకిచ్చి ఏటా డబ్బు తీసుకోవడం ఒక పద్ధతి. పొలం కొనే స్తోమత లేనివాడు దాన్ని దీర్ఘకాలం కౌలుకు తీసుకుని, పంట పంటకీ మరొకరికి ఇచ్చుకోవడం ఇంకో పద్ధతి. అమెరికా ఆప్షన్ల మార్కెట్లో మొదటిదాన్ని కవర్డ్ కాల్ అంటారు. రెండోదాన్ని డయాగొనల్ స్ప్రెడ్ అంటారు. వాడుకలో దాని పేరు ‘పూర్ మ్యాన్స్ కవర్డ్ కాల్’. అక్కడ ఉద్యోగాలు చేస్తూ ఆప్షన్లలోకి దిగిన మనవాళ్లు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇందులో ఒకటుంది: షేరు పెరిగినా ఇందులో నష్టం రావచ్చు.

లెక్కకు ఒక షేరు ధర 100 డాలర్లనుకుందాం. అక్కడ ఒక ఆప్షన్ కాంట్రాక్టు అంటే 100 షేర్లు. కాబట్టి మామూలు కవర్డ్ కాల్‌కి పదివేల డాలర్ల షేర్లు కొనాలి. వాటికి బదులు, ఏడాదిన్నర గడువున్న 75 డాలర్ల స్ట్రైక్ కాల్ కొంటాం. ఇంత దూరపు గడువున్న ఆప్షన్లను లీప్స్ అంటారు. దాని ప్రీమియం షేరుకు 32 డాలర్లనుకోండి. అందులో 25 డాలర్లు ఆ కాల్‌కు ఇప్పటికే ఉన్న అసలు విలువ, మిగతా 7 డాలర్లు కాలానికి కట్టే ధర. స్ట్రైక్‌ను షేరు ధరకు ఇంత కిందుగా ఎంచుకోవడానికి కారణముంది. అలాంటి కాల్ దాదాపు షేరులాగే కదులుతుంది, పైగా కాలం కింద పోయే డబ్బు తక్కువ.

తర్వాత 40 రోజుల గడువున్న 108 స్ట్రైక్ కాల్‌ను 1.50 డాలర్లకు అమ్ముతాం. నికరంగా పెట్టింది 30.50, అంటే కాంట్రాక్టుకు 3,050 డాలర్లు. గడువు నాటికి షేరు 108 దాటకపోతే ఆ 1.50 మనదే. తర్వాతి నెలకు మరొకటి అమ్ముకోవచ్చు.

అమ్మే ముందు ఒక్క తీసివేత చేయాలి. 108 లోంచి 75 తీసేస్తే 33. మనం పెట్టింది 30.50. షేరు రాత్రికి రాత్రే 150కి ఎగిరినా రెండు కాల్స్ మధ్య తేడా 33కి తగ్గదు కాబట్టి కనీసం 2.50 మిగులుతుంది. ఈ తేడా పెట్టుబడికన్నా తక్కువైతే ఆ స్ప్రెడ్‌ జోలికి పోకూడదు.

చిక్కు మొదటి నెలలో కాదు, రెండో నెలలో వస్తుంది. షేరు 90కి పడిందనుకోండి. 108 కాల్ విలువ లేకుండా ముగిసింది. మళ్లీ 108కే అమ్ముదామంటే పైసలు రావు. అందుకని 98 స్ట్రైక్‌కు దిగి ఇంకో 1.50 తెచ్చుకుంటాం. ఇప్పటికి నికరంగా పెట్టింది 29, స్ట్రైకుల మధ్య తేడా మాత్రం 23. ఆ నెలలోనే ఏ మంచి ఫలితాల వార్తకో షేరు బాగా ఎగిరితే, మన దగ్గరున్న కాల్‌లో కాలం విలువ కరిగిపోయి, మొత్తం విలువ 23 వైపు జారుతుంది. షేరు మనం కొన్న రోజుకన్నా పైనుంటుంది, మనకు మాత్రం షేరుకు ఆరు డాలర్ల దాకా నష్టం. నా అభిప్రాయంలో ఇలా పడిన నెలలో ఏమీ అమ్మకుండా ఆగడమే నయం. ఒక నెల ప్రీమియం పోతుంది, అంతే.

పడిపోవడం కూడా ఇక్కడ ఎక్కువ బాధిస్తుంది. షేరు 70కి దిగితే షేర్లున్నవాడి సొమ్ములో 30 శాతం తగ్గుతుంది. మన 32 డాలర్ల కాల్ సుమారు తొమ్మిది, పది డాలర్లకు చేరుతుంది. షేర్లున్నవాడు ఏళ్ల తరబడి ఎదురుచూడగలడు. మన కౌలు గడువు నాటికి కూడా షేరు 75 దాటకపోతే మొత్తం పోతుంది.

డివిడెండ్ సంగతీ చూసుకోవాలి. కాల్ చేతిలో ఉన్నవాడికి డివిడెండ్ రాదు. అమెరికాలో కంపెనీ షేర్ల కాల్‌ను గడువుకు ముందే వాడుకోవచ్చు గనక, మనం అమ్మిన కాల్‌లో మిగిలిన కాలం విలువ డివిడెండ్‌కన్నా తక్కువైతే, ఎక్స్-డివిడెండ్ తేదీకి ముందురోజు అవతలివాడు షేర్లు అడిగేస్తాడు. పొద్దున ఖాతా తెరిస్తే మైనస్ 100 షేర్లు కనిపిస్తాయి, ఆ డివిడెండ్ కూడా మనమే కట్టాలి. అప్పుడు కంగారుపడి లీప్స్ కాల్‌ను వాడేసి షేర్లు ఇచ్చేయకూడదు. అందులో మిగిలిన కాలం విలువ ఊరికే పోతుంది. మార్కెట్లో 100 షేర్లు కొని బాకీ తీర్చి, కాల్‌ను విడిగా అమ్ముకోవాలి. అసలు ఆ ముందురోజే అమ్మిన కాల్‌ను తిరిగి కొనేస్తే ఈ తిప్పలుండవు.

ఇదంతా మన ఎన్‌ఎస్‌ఈలో కంపెనీ షేర్లమీద చేయలేం. అక్కడ షేర్ల ఆప్షన్లు మూడు నెలల గడువు వరకే ఉంటాయి, దీర్ఘకాలపు కౌలు దొరకదు.