N నొక్కాలా, R నొక్కాలా

1979 చివర్లో ఆపిల్ టూ కంప్యూటర్ మీద విసికాల్క్ అనే ప్రోగ్రాం అమ్మకానికి వచ్చింది. ఒక గడిలో రాసిన ఫార్ములాను కింది గడులకు దింపమని అడిగితే అది వెంటనే దింపేది కాదు. ఫార్ములాలో ఉన్న ఒక్కో గడి పేరు దగ్గరా ఆగి, దీన్ని ఉన్నదున్నట్టు ఉంచాలా, కాపీతో పాటు కిందికి జరపాలా అని అడిగేది. ఉంచాలంటే N, జరపాలంటే R నొక్కాలి. ఫార్ములాలో నాలుగు గడుల పేర్లుంటే నాలుగుసార్లు జవాబు చెప్పాల్సిందే. వాడేవాళ్లకు విసుగు పుట్టించే పద్ధతే, కానీ స్ప్రెడ్‌షీట్ ఈ విషయాన్ని మనిషిని నేరుగా అడిగిన రోజులు అవే.

దాన్ని తయారుచేసింది డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్. బ్రిక్లిన్ 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతుండేవాడు. నల్లబల్ల మీద లెక్కల పట్టిక వేస్తే, ఒక్క అంకె మారినా దాని మీద ఆధారపడ్డ గడులన్నీ చెరిపి మళ్లీ రాయాలి. ఆ చెరిపే పని యంత్రం చేస్తే ఎలా ఉంటుందన్న ఊహ అతనిది, దాన్ని ప్రోగ్రాంగా రాసింది ఫ్రాంక్‌స్టన్. పట్టిక పరిమాణం 63 నిలువు వరుసలు, 254 అడ్డు వరుసలు. ఇప్పటి ఎక్సెల్ షీటు పక్కన పెడితే అదొక మూల, అంతే. అయితే గడికి A1, B2 అని పేరు పెట్టడం, ఒక ఫార్ములా రాసి వందసార్లు దింపుకోవడం అప్పటి నుంచీ ఉన్నవే. మొత్తాలు తప్పడానికి ఉన్న రెండు పెద్ద దారులు కూడా అప్పుడే పుట్టాయి.

మొదటిది కాపీలో ఉంది. ఫార్ములాలో F1 అని రాసినప్పుడు మనం ఒక ఇంటి నంబరు చెప్పామనుకుంటాం. స్ప్రెడ్‌షీట్‌కు అది అర్థమయ్యేది మాత్రం 'ఇక్కడి నుంచి ఒక వరుస పైకి, మూడు గడులు కుడికి' అనే దారిగా. కింది గడిలో నిలబడి అదే దారిలో నడిస్తే చేరేది పక్కింటికి. చాలా లెక్కల్లో మనకు కావలసింది అదే, అందుకే ఇదే మామూలు పద్ధతిగా నిలిచిపోయింది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3లో ఈ ఎంపికను ఫార్ములాలోనే డాలరు గుర్తుగా రాసేవారు: F1 అంటే జరిగేది, $F$1 అంటే జరగనిది. ఆ గుర్తు పెట్టడానికి లోటస్‌లో F4 మీట ఉండేది. ఎక్సెల్‌లో ఫార్ములా దిద్దుతూ ఇప్పుడు మనం నొక్కేదీ ఆ F4నే. యంత్రం ప్రశ్న అడగడం మాత్రం పోయింది. గుర్తు పెట్టకపోతే R అన్నట్టే లెక్క.

ఒక చిన్న అపార్ట్‌మెంట్ నిర్వహణ ఖర్చుల షీటు ఊహించుకుందాం. ఐదు అంతస్తులు, అంతస్తుకు రెండు ఫ్లాట్లు, ఒకటి 950 చదరపు అడుగులు, ఇంకోటి 1,100. A కాలమ్‌లో ఫ్లాట్ నంబరు, Bలో వైశాల్యం, Cలో కట్టాల్సిన సొమ్ము. పది ఫ్లాట్లు 2వ వరుస నుంచి 11వ వరుస దాకా ఉన్నాయి. చదరపు అడుగుకు 3 రూపాయల రేటు F1లో ఉంది. దాని కిందే F2లో, ఎవరో గుర్తు కోసం ఉంచిన పోయిన ఏటి రేటు 2.75. మొత్తం వైశాల్యం 10,250 కనుక వసూలు 30,750 రూపాయలు రావాలి. C2లో ఇలా రాసి కిందికి లాగారు:

```
=B2*F1
```

మొదటి ఫ్లాటుకు 2,850 వచ్చింది, సరైనదే. అదే అసలు చిక్కు. ఫార్ములా రాసిన గడిలో జవాబు ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే దారి అక్కడి నుంచే కొలిచాం. చాలామంది ఆ ఒక్క గడినీ చేతి లెక్కతో సరిచూసుకుని ముందుకు పోతారు. నాలుగో వరుస నుంచి ఫార్ములా ఖాళీ గడులను అందుకుంటుంది కనుక సున్నాలు వస్తాయి, అవి కంటికి కొడతాయి. ప్రమాదమంతా మూడో వరుసలో ఉంది. C3 వెతుక్కున్నది F2ని, అంటే పాత రేటును. 3,300 రావాల్సిన చోట 3,025 వచ్చింది. ఆ అంకెలో అనుమానించడానికి ఏమీ లేదు. సున్నాలు చూసి కంగారుపడ్డ మనిషి C4 నుంచి కిందికి మాత్రమే సరిచేస్తే, మొత్తం 30,475 దగ్గర నిలుస్తుంది. 275 రూపాయల తేడా ఎవరి కంటా పడదు.

సరైన ఫార్ములా `=B2*$F$1`. డాలరు గుర్తు కాపీ చేసేటప్పుడే పనికొస్తుంది. పైన ఒక కొత్త వరుస చొప్పిస్తే $F$1 కూడా $F$2గా మారుతుంది, అలా మారడమే సరైనది కూడా.

ఇలాంటి తప్పును కళ్లతో పట్టుకోవడానికి ఒక పాత కిటుకుంది. 1982లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన మల్టీప్లాన్‌లో గడులకు A1 పేర్లు ఉండేవి కావు, వరుస, కాలమ్ రెంటికీ అంకెలే. ఆ R1C1 పద్ధతి ఎక్సెల్ సెట్టింగుల్లో ఇప్పటికీ ఉంది. అందులో దారి దారిలాగే కనిపిస్తుంది. మన తప్పు ఫార్ములా, సరైన ఫార్ములా వరుసగా ఇలా ఉంటాయి:

```
=RC[-1]*R[-1]C[3]
=RC[-1]*R1C6
```

చదరపు బ్రాకెట్లలో ఉన్నది జరిగేది, లేనిది కదలనిది. పైగా కాలమ్ అంతటా ఒకే ఫార్ములా ఉంటే ప్రతి గడిలోనూ అక్షరం పొల్లుపోకుండా అదే కనబడుతుంది. మధ్యలో ఎవరైనా చేత్తో దిద్దిన గడి ఉంటే అది వెంటనే బయటపడుతుంది. రోజూ వాడే పేర్లుగా A1 పద్ధతే గెలిచింది కానీ, తప్పులు వెతికేవాడికి మల్టీప్లానే మెరుగని నా అభిప్రాయం.

రెండో దారి రేంజ్ అంచుల్లో ఉంది. మన మొత్తం 12వ వరుసలో `=SUM(C2:C11)` అని ఉంది. ఇప్పుడు పైన 1,500 చదరపు అడుగుల కొత్త ఫ్లాటు లేచింది. దాని కోసం 12వ వరుస దగ్గర ఒక వరుస చొప్పించారు, మొత్తం 13కి దిగింది. రేంజ్ మాత్రం C11 దగ్గరే ఆగి ఉంటుంది. రేంజ్ మధ్యలో చొప్పిస్తే అది సాగుతుంది, చివరి గడికి కింద చొప్పిస్తే సాగదు. మొదటి గడికి పైన చొప్పించినా ఇంతే, మొదలు కూడా ఒక వరుస కిందికి జరిగిపోయి కొత్తది బయటే మిగులుతుంది. కొత్త విలువను చేత్తో టైప్ చేస్తే ఎక్సెల్ ఒక్కోసారి రేంజ్‌ను తానే పొడిగిస్తుంది, వేరే చోటి నుంచి తెచ్చి అతికిస్తే ఆ భరోసా లేదు. గడి మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం పెట్టి, పక్క గడి వదిలేశావని చెబుతుంది కూడా. ఆ త్రికోణాలను పట్టించుకునేవాళ్లు ఎంతమంది? రావాల్సింది 35,250, చూపించేది 30,750.

లోటస్ రోజుల్లో కొందరు అంకెల కింద గీతల వరుస ఒకటి గీసి, దాన్ని కూడా కూడిక రేంజ్‌లో కలిపేవారు. గీత విలువ సున్నా కనుక మొత్తం చెడదు. కొత్త వరుస ఎప్పుడూ గీతకు పైనే వస్తుంది, అంటే రేంజ్ మధ్యలోనే పడుతుంది. ఇప్పటికీ ఒక ఖాళీ వరుసను అలా వాడుకోవచ్చు.

అంచు తప్పితే ఎంత దూరం పోతుందో 2013లో ప్రపంచం చూసింది. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ 2010లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. ప్రభుత్వ అప్పు జాతీయోత్పత్తిలో 90 శాతం దాటిన దేశాల్లో వృద్ధి సగటున మైనస్ 0.1 శాతం అని అందులో తేల్చారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ శాఖలో చదువుతున్న థామస్ హెర్న్‌డన్ క్లాసు పనిలో భాగంగా ఆ లెక్క మళ్లీ చేయబోతే జవాబు కలవలేదు. అడిగితే రచయితలు తమ ఎక్సెల్ షీటు పంపారు. దేశాలు 30వ వరుస నుంచి 49 దాకా ఉన్నాయి. సగటు ఫార్ములా ఇది:

```
=AVERAGE(L30:L44)
```

49 నుంచి 30 తీసేసి ఒకటి కలిపితే 20 దేశాలు. 44 దాకా అయితే 15. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ బయట ఉండిపోయాయి. హెర్న్‌డన్, ఆయన అధ్యాపకులు మైఖేల్ యాష్, రాబర్ట్ పోలిన్ తిరిగి లెక్కగడితే వృద్ధి 2.2 శాతం వచ్చింది. ఇక్కడ నిదానించాలి. ఆ తేడాలో ఫార్ములా తప్పు వాటా 0.3 శాతం పాయింట్లే. మిగతాది కొన్ని సంవత్సరాల అంకెలు చేర్చకపోవడం వల్ల, దేశాలకు తూకం వేసిన పద్ధతి వల్ల వచ్చింది. ఫార్ములా తప్పును రచయితలు ఒప్పుకున్నారు, ప్రధాన వాదన మారదన్నారు. సగటులో అంచు తప్పు ఇంత మెత్తగా దాక్కుంటుంది: కూడికలో ఒక వరుస పోతే మొత్తం ఆ మేరకు తగ్గి తీరుతుంది, సగటు మాత్రం అటూ ఇటూ కాస్త కదిలి ఊరుకుంటుంది.

మరి మన అపార్ట్‌మెంట్ మొత్తం సరైనదేనని ఎలా తేల్చుకోవాలి? చాలామంది వేరే దారిలో ఒకసారి లెక్కిస్తారు, మొత్తం వైశాల్యాన్ని రేటుతో గుణిస్తారు. మంచి పనే. కానీ ఆ వైశాల్యాన్ని `=SUM(B2:B11)` తోనే తీస్తే, కొత్త ఫ్లాటు రెండు చోట్లా పోయింది కనుక రెండు జవాబులూ చక్కగా కలుస్తాయి. తప్పును పంచుకున్న రెండు లెక్కలు ఒకదానికొకటి సాక్ష్యం కాలేవు. సాక్ష్యం షీటు బయటి నుంచి రావాలి. వసూలు పుస్తకంలో పదకొండు ఫ్లాట్లు ఉన్నప్పుడు `=ROWS(C2:C11)` పది అని చెబితే, రూపాయల దాకా పోకుండానే తప్పు దొరికినట్టు.

ఇంకో పరీక్షలో రెండు తప్పులూ ఒకేసారి బయటపడతాయి. షీటు కాపీ ఒకటి తీసుకుని, చివరి ఫ్లాటు వైశాల్యానికి 1,000 కలపండి. మొత్తం సరిగ్గా 3,000 పెరగాలి. అసలు కదలకపోతే ఆ వరుస రేంజ్‌లో లేదు, లేదా దాని ఫార్ములా ఖాళీ గడిని చూస్తోంది. 2,750 పెరిగితే వేరే రేటును పట్టుకుంది. అదే పని మొదటి ఫ్లాటు దగ్గర, రెండో ఫ్లాటు దగ్గర, చేత్తో దిద్దారని అనుమానమున్న చోటా చేయాలి.

సరైన మొత్తం ముందే తెలిసి తేడా కనిపిస్తే, ఆ తేడా అంకెను ఒకసారి జాగ్రత్తగా చదవాలి. తేడా 4,500 అయితే అది ఏదో ఒక ఫ్లాటు సొమ్మేనా అని చూడాలి, ఆ వరుసే బయట పడి ఉంటుంది. మొత్తం రెట్టింపు వస్తే పాత మొత్తాన్ని కూడా కూడిక మింగేసింది. 2,025 ఎక్కువ వచ్చిందా? C1లో శీర్షికగా రాసిన సంవత్సరాన్ని ఆటోసమ్ రూపాయలనుకుని కలిపేసుకుంది.