ఇంటర్‌ప్రెటర్ వస్తున్నారా అంటే చాలదు

బయటి అతిథులతో సమావేశం దగ్గరపడుతుంటే ఆఫీసులో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "సైగల భాష ఇంటర్‌ప్రెటర్ వస్తున్నారు కదండీ?" "వస్తున్నారండీ." పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అసలు అడగాల్సినవి ఇంకా అడగనే లేదు.

హైదరాబాద్‌లో ఒక సమావేశం అనుకుందాం. పది నుంచి ఒంటిగంట దాకా. అతిథుల్లో ఇద్దరికి వినపడదు. ముందుగా అడగాల్సింది వాళ్లనే: మీకు ఏది సౌకర్యం? చిన్నప్పటి నుంచి భారతీయ సైగల భాషలో పెరిగినాయనకు ఇంటర్‌ప్రెటర్ కావాలి. నడివయసులో వినికిడి పోయినావిడకు సైగలు రాకపోవచ్చు. ఆమెకు కావాల్సింది మాట్లాడే మాట ఎప్పటికప్పుడు తెర మీద అక్షరాల్లో పడటం. అది తెలుగులోనా, ఇంగ్లిషులోనా అన్నదీ ఆమే చెప్పాలి. అమెరికాలో చదివొచ్చిన అతిథైతే అక్కడి సైగలే వాడుతుండవచ్చు. అవి వేరు. అక్షరాలను అక్కడ ఒంటిచేత్తో చూపిస్తారు, మన దగ్గర రెండు చేతులతో.

తర్వాత, ఎంతమంది వస్తున్నారు? మూడు గంటల పనికి ఇద్దరు ఉండాలి. ఇరవై నిమిషాలకోసారి మారుతూ చేస్తారు. వింటూనే ఇంకో భాషలోకి మార్చడం మెదడును అలసగొడుతుంది. ఒక్కరే చేస్తే ముందు చిన్న మాటలు, ఆ తర్వాత మొత్తం వాక్యాలే జారిపోతాయి. అతిథి ప్రశ్నలు మానేసి ఊరికే తలూపుతున్నారంటే అనుమానించాల్సిందే. శిక్షణ పొందిన ఇంటర్‌ప్రెటర్లు మన దగ్గర తక్కువ, అందుకే రెండోవారిని చివరి రోజున వెతికితే దొరకరు. ఒప్పుకున్న ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు, ఫీజు, వేళ రాతపూర్వకంగా తీసుకోవాలి.

చాలామంది మరిచేది కాగితాలు. ఎజెండా, స్లైడ్లు, హాజరయ్యేవారి పేర్లు, సంస్థ వాడే పొట్టి పేర్లు రెండు మూడు రోజుల ముందే వాళ్లకు పంపాలి. పేరు ముందు తెలియకపోతే వేళ్లతో అక్షరం అక్షరం చూపించాలి. ఈలోగా వక్త రెండు వాక్యాలు దాటిపోతారు.

ఇక గది. ఇంటర్‌ప్రెటర్ వక్త పక్కనే, అతిథికి ఎదురుగా ఉండాలి. వెనక కిటికీ ఉంటే వెలుగు కళ్లలో కొట్టి ముఖం నల్లగా కనిపిస్తుంది. ముఖకవళికలూ ఆ భాషలో భాగమే మరి. స్లైడ్ల కోసం లైట్లు ఆర్పేశారంటే ఇంటర్‌ప్రెటర్ మాయమైనట్టే. వాళ్ల మీద ఒక దీపం వెలుగుతూ ఉంచండి. వీడియోలో చేరే అతిథి ఉంటే, ఆ బొమ్మ తెర మీద పెద్దదిగా, కదలకుండా ఉండేలా ముందు రోజే సరిచూడాలి.

ఆ ఉదయం ఇంటర్‌ప్రెటర్లను అరగంట ముందు పిలిపించండి. అతిథితో వాళ్లు కాసేపు మాట్లాడుకుంటే, ఒకరి సైగలు ఇంకొకరికి అర్థమవుతున్నాయో లేదో అక్కడే తేలిపోతుంది.