ఐదు నిమిషాల బొమ్మల సినిమాకు ముగ్గురు ఎన్ని వారాలు పనిచేయాలి?

ఐదు నిమిషాల యానిమేషన్ సినిమా తీద్దామని ముగ్గురు మిత్రులు కూర్చుంటే, మొదట నోటికొచ్చే అంచనా రెండు మూడు నెలలు. కాగితం మీద లెక్క వేస్తే అది తొమ్మిది నెలలకు దగ్గరగా తేలుతుంది. ఈ తేడా ఎక్కడ పుడుతుందో, పనిని ఎలా విడగొడితే ముందే కనిపిస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. కథలో ఒక బామ్మ, ఆమె మనవడు, గంప కింద నుంచి తప్పించుకున్న ఒక కోడిపుంజు ఉన్నారనుకుందాం. సినిమా 2డీ, అంటే బొమ్మలన్నీ టాబ్లెట్ మీద చేత్తో గీసేవే. జట్టులో ఒక దర్శకురాలు, ఒక యానిమేటర్, ఒక రంగుల ఆర్టిస్టు ఉన్నారు. దర్శకురాలు కూడా బొమ్మలు గీస్తుంది.

ముందుగా, ఎన్ని బొమ్మలు గీయాలి?

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు కదులుతాయి. ఫ్రేము అంటే తెర మీద నిలిచే ఒక్క బొమ్మ. ఐదు నిమిషాలంటే 300 సెకన్లు. అందులో టైటిల్‌కు 10, చివర పేర్లకు 20 సెకన్లు తీసేస్తే కదిలే బొమ్మలు 270 సెకన్లు ఉండాలి. అంటే 6,480 ఫ్రేములు.

అన్నీ విడివిడిగా గీయాలా? అక్కర్లేదు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా కంటికి కదలిక సాఫీగానే కనిపిస్తుంది. చేత్తో గీసే సినిమాల్లో ఎక్కువ భాగం ఇలాగే చేస్తారు. దాంతో లెక్క 3,240కి దిగుతుంది. బామ్మ ఆలోచిస్తూ కదలకుండా కూర్చున్న క్షణాల్లో కొత్త బొమ్మ అవసరం ఉండదు. అలాంటివి మూడో వంతు ఉన్నాయనుకుంటే మిగిలేవి 2,160. పేజీకొక బొమ్మ చొప్పున గీస్తే 200 పేజీల నోటుబుక్కులు దాదాపు పదకొండు నిండుతాయి.

అయితే బొమ్మకు ఇన్ని నిమిషాలని గుణిస్తే సరిపోదా?

సరిపోదు. బామ్మ రెప్పవాల్చే బొమ్మకూ, రెక్కలు కొట్టుకుంటూ గోడ దూకే పుంజు బొమ్మకూ ఒకే సమయం పట్టదు. అందుకే షాట్‌ను కొలతగా పెట్టుకోవాలి. షాట్ అంటే కెమెరా ఒక చోట మొదలై కట్ అయ్యేదాకా ఉన్న ముక్క. సగటున ఐదు సెకన్ల చొప్పున మన సినిమాలో 54 షాట్లు వస్తాయి. వాటిని మూడు రకాలుగా విడగొడదాం.

- తేలిక: ఒకే పాత్ర, చిన్న కదలిక. 20 షాట్లు, ఒక్కోదానికి 1 రోజు. మొత్తం 20 రోజులు.
- మధ్యరకం: నడక, మాట, చేతిపని. 24 షాట్లు, ఒక్కోదానికి రెండున్నర రోజులు. మొత్తం 60 రోజులు.
- కష్టం: పుంజు ఎగరడం, ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడటం. 10 షాట్లు, ఒక్కోదానికి 5 రోజులు. మొత్తం 50 రోజులు.

అంటే 130 రోజులు. ఇది రఫ్ యానిమేషన్‌కు మాత్రమే. కదలిక సరిగ్గా వచ్చేదాకా చిత్తుగీతలతో గీసే దశ అది. రోజు అంటే ఒక మనిషి ఆరు గంటలు గీసే రోజు. ఫోన్లు, ఫైళ్లు వెతుక్కోవడం, ఒకరి పని ఒకరు చూడటం పోగా నిజంగా గీయడానికి మిగిలేది అంతే.

ఒక్కో షాట్‌కు ఇన్ని రోజులని ఎలా తెలుస్తుంది?

ఊహించి కాదు, గీసి తెలుసుకోవాలి. అసలు పని మొదలుకాకముందే మూడు రకాల్లోంచీ ఒక్కో షాట్ తీసుకుని, చిత్తుగీత నుంచి రంగులు వేసి పూర్తయ్యేదాకా చేసి, గడియారం చూసి రాసుకోవాలి. పైన వేసిన అంకెలు ఉదాహరణకే. మీ జట్టు వేగం వేరుగా ఉంటుంది. మధ్యరకం షాట్‌కు రెండున్నర బదులు మూడున్నర రోజులు పట్టిందనుకోండి. తేడా ఒక్క రోజే అనిపిస్తుంది గానీ, 24 షాట్లకు 24 రోజులు పెరుగుతాయి.

చిత్తుగీతల తర్వాత ఏం మిగిలింది?

క్లీనప్, అంటే చిత్తుగీతల మీద శుభ్రమైన గీత గీయడం. 2,160 బొమ్మలకు పదేసి నిమిషాలంటే 360 గంటలు, అంటే 60 రోజులు. రంగులు నింపడానికి బొమ్మకు ఐదు నిమిషాల చొప్పున 30 రోజులు. వెనక కనిపించే ఇల్లు, వీధి, పెరడు వంటి బ్యాక్‌గ్రౌండ్లు 26 చాలు, ఎందుకంటే ఒకే పెరడు చాలా షాట్లకు పనికొస్తుంది. ఒక్కోదానికి రోజున్నర చొప్పున 39 రోజులు. చివరిది కంపోజిటింగ్. బొమ్మలు, బ్యాక్‌గ్రౌండ్, నీడలు, వెలుతురు అన్నీ ఒక ఫ్రేములో పేర్చే పని అది. షాట్‌కు సగం రోజు చొప్పున 27 రోజులు.

అన్నీ కలిపితే 286 రోజులు. చూసుకున్నాక మళ్లీ గీయాల్సినవి తప్పకుండా ఉంటాయి. ఈ రీటేకులకు 15 శాతం కలిపితే దాదాపు 329. దీన్ని 270 సెకన్లతో భాగిస్తే తెలిసేది ఇది: తెర మీద కదిలే ఒక్కో సెకనుకు ఒక మనిషి రోజుకు పైగా, దాదాపు రోజుంపావు, పనిచేయాలి. షెడ్యూల్ వేసేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన అంకె ఇదే.

329ని మూడుతో భాగిస్తే 110 రోజులు, అంటే 22 వారాలే కదా?

ఇక్కడే ఎక్కువ జట్లు దెబ్బతింటాయి. దర్శకురాలు వారంలో ఒక రోజు షాట్లు చూసి దిద్దడానికి, సంగీతం చేసేవారితో మాట్లాడటానికి పోతుంది. ఆమె గీసేది నాలుగు రోజులే. అంటే జట్టుకు వారానికి 15 కాదు, 14 పనిరోజులు. 329ని 14తో భాగిస్తే 24 వారాలు పడుతుంది.

పని పంచుకోవడం కూడా చూడాలి. రఫ్, క్లీనప్ కలిపి రీటేకులతో సహా దాదాపు 219 రోజులు. దర్శకురాలు, యానిమేటర్ కలిసి వారానికి 9 రోజుల చొప్పున 24 వారాల్లో 216 ఇవ్వగలరు. బ్యాక్‌గ్రౌండ్, రంగులు, కంపోజిటింగ్ కలిపి 110 రోజులు. రంగుల ఆర్టిస్టు చేతిలో 120 ఉన్నాయి. ఆ పది రోజుల మిగులులోంచి మూడు రోజుల క్లీనప్ అతనికి ఇస్తే లెక్క కుదురుతుంది.

మరి ఎవరి పని ఎప్పుడు?

రోజుల లెక్క కుదిరినా వరస కుదరకపోతే లాభం లేదు. ఇద్దరూ మొదట రఫ్ అంతా పూర్తిచేసి, ఆ తర్వాత క్లీనప్ మొదలుపెడదామనుకున్నారనుకోండి. 130 రోజుల రఫ్‌కు 14 వారాలు దాటుతుంది. రంగుల ఆర్టిస్టు బ్యాక్‌గ్రౌండ్లు ఎనిమిదో వారానికి అయిపోతాయి. క్లీనప్ అయిన బొమ్మ లేనిదే రంగు వేయలేడు కాబట్టి, ఆరు వారాలు చేతులు ముడుచుకుని కూర్చోవాలి. చివర్లో మాత్రం రంగుల పనంతా అతని మీదే పడుతుంది.

దీనికి విరుగుడు, సినిమాను నాలుగు భాగాలు చేసుకోవడం. మొదటి భాగంలోని 13, 14 షాట్లకు రఫ్, క్లీనప్ రెండూ అయ్యాకే రెండో భాగంలోకి వెళ్లాలి. అప్పుడు ఆరో వారం ముగిసేసరికి రంగులకు సరుకు చేరుతుంది. ప్రతి భాగంలోనూ కష్టమైనవి రెండు మూడు ఉండేలా చూసుకుంటే బరువు ఒకే చోట పేరుకోదు. ఫైళ్లకు పేర్లు కూడా మొదటి రోజే ఖాయం చేసుకోవాలి. ఉదాహరణకు `sh014_clean_v03` అంటే పద్నాలుగో షాట్, క్లీనప్, మూడో ప్రతి. ‘ఫైనల్’ అని పేరు పెట్టిన ఫైళ్లు మూడుంటే పాత దానికి రంగులు వేసే ప్రమాదం ఉంది.

వెనకబడ్డామని ఎలా తెలుస్తుంది?

షాట్లు లెక్కపెడితే మోసపోతాం. 54లో 30 అయ్యాయంటే సగం దాటినట్టే వినిపిస్తుంది. కానీ ఆ 30లో తేలికవి 20, మధ్యరకం 10 అయితే జరిగిన రఫ్ 45 రోజుల పనే. 130లో అది 35 శాతం. తేలికైనవి ముందు లాగించేయాలని అందరికీ ఉంటుంది కాబట్టి, గోడ మీద పట్టికలో షాట్ పక్కన దాని రోజులు కూడా రాయాలి. ప్రతి శనివారం పూర్తయిన రోజులనే కూడాలి.

అన్నీ కలిపితే ఎప్పటికి పూర్తవుతుంది?

గీత మొదలవడానికి ముందు ఆరు వారాలు కావాలి. కథ, స్టోరీబోర్డ్, పాత్రల రూపాలు, మూడు పరీక్ష షాట్లు, యానిమాటిక్ ఇందులోకి వస్తాయి. యానిమాటిక్ అంటే స్టోరీబోర్డ్ బొమ్మలనే సినిమా నిడివికి పేర్చి, మాటలు జోడించిన చిత్తుప్రతి. మాటలు అప్పటికే రికార్డయి ఉండాలి. గొంతు లేకుండా పెదవులు కదిలిస్తే తర్వాత మళ్లీ గీయాల్సివస్తుంది. గీత, రంగులకు 24 వారాలు. శబ్దం, సంగీతం, చివరి సవరణలకు మూడు. దసరా, దీపావళి, సంక్రాంతి సెలవులకు రెండు. జ్వరాలు, కంప్యూటర్ చెడిపోవడం వంటివాటికి మూడు. మొత్తం 38 వారాలు. జూన్ మొదట్లో కూర్చుంటే ఫిబ్రవరి చివర్లో సినిమా చేతికొస్తుంది.

మా దగ్గర 30 వారాలే ఉంటే?

మిగతా పనులు తగ్గేవి కావు కాబట్టి, ఎనిమిది వారాలూ గీతలోంచే పోతాయి. అది 112 పనిరోజులు. సెకనుకు రోజుంపావు లెక్కన దాదాపు 90 సెకన్లు. అంటే మీరు తీయగలిగేది మూడున్నర నిమిషాల సినిమా. రాత్రుళ్లు కూర్చుని ఈ లోటు పూడ్చగలమనుకుంటే, ఒక్కొక్కరికి 37 రోజుల అదనపు పని వస్తుందని గుర్తుంచుకోండి.

ఆ 90 సెకన్లు యానిమాటిక్ దశలో తీసేయడానికి ఒక మధ్యాహ్నం చాలు. కథ దెబ్బతినకుండా కష్టమైన షాట్లలో ఏవి పోతాయో ముందు చూడండి. వాటిలో ఒక్కటి తగ్గినా ఐదు తేలిక షాట్లకు పట్టే రఫ్ సమయం మిగులుతుంది. పుంజు గోడ దూకడం చూపించకుండా, రెక్కల చప్పుడు వినిపించి బామ్మ ముఖం చూపిస్తే ఐదు రోజుల షాట్ ఒక రోజుకు దిగుతుంది. ఇరవయ్యో వారంలో ఇదే నిర్ణయం తీసుకుంటే, గీసి రంగులు వేసిన షాట్లను పారేయాల్సివస్తుంది.