కొన్నాళ్లు వీడియోలు ఉండవు

ఒక వంటల ఛానెల్ అనుకుందాం. నడిపేది గోదావరి జిల్లాల వైపు ఒక గృహిణి. వారానికి రెండు వీడియోలు పెడుతుంది. గురువారం రాత్రి ఆ ఇంట్లో ఒకరు కన్నుమూశారు. ఆదివారం పొద్దున పది గంటలకు ఛానెల్లో బూరెల వీడియో వచ్చింది! ఎప్పుడో ముందే తీసి, తేదీ, సమయం పెట్టి ఉంచిన వీడియో అది. ఆ వేళకి ఇంట్లో ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు, యూట్యూబ్ మాత్రం చెప్పిన టైముకు దాన్ని బయటికి వదిలింది. మైల రోజుల్లో పొయ్యి మీద మూకుడు పెట్టని ఇళ్లు మన దగ్గర ఇప్పటికీ చాలా ఉన్నాయి. విషయం తెలిసిన దూరపు చుట్టాలు ఆ బూరెలు చూసి ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. తెలియని ప్రేక్షకులు ‘సూపర్ అక్కా’ అని కామెంట్ పెడతారు. పాపం, వాళ్ల తప్పేముంది?

అందుకే ‘కొన్నాళ్లు వీడియోలు ఉండవు’ అని రాయడానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. యూట్యూబ్ స్టూడియోలో వీడియోల జాబితా తెరిస్తే, తేదీ పెట్టి ఉంచినవాటి పక్కన Scheduled అని కనిపిస్తుంది. ఒక్కోదాన్ని Private చేసేస్తే ఆగిపోతాయి, చెరిగిపోవు. ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో తేదీ పెట్టినవి ఉంటే అక్కడా విడిగా ఆపాలి. దుఃఖంలో ఉన్న మనిషికి ఇవన్నీ గుర్తుండవు. ఎడిటింగ్ చేసే కుర్రాడో, తమ్ముడో, ఛానెల్ చూసుకునే అనుమతి ముందే ఇచ్చి ఉంచిన ఇంకెవరైనా పావుగంటలో చేసేయగల పని ఇది.

ఇక ఆ నాలుగు మాటలు. మన ఛానెల్ గృహిణి ఇలా రాసిందనుకుందాం: ‘మా కుటుంబంలో దగ్గరి మనిషిని కోల్పోయాం. కొన్నాళ్లు వీడియోలు పెట్టలేను. వివరాలు అడగవద్దని మనవి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఇక్కడే చెబుతాను.’

ఇంతకన్నా తగ్గిస్తే చిక్కు వస్తుంది. ‘అనివార్య కారణాల వల్ల’ అని మాత్రమే రాస్తే, చూసేవాళ్లు ఛానెల్ అమ్మేశారనో, భార్యాభర్తలు గొడవపడ్డారనో, పెద్ద జబ్బు చేసిందనో అల్లుకుంటారు. ఇంట్లో మరణం అన్న ఒక్క మాట ఆ ఊహల్లో చాలావాటిని ఆపేస్తుంది. మన సమాజంలో చావు మాట వినగానే జనం కాస్త వెనక్కి తగ్గుతారు. ఆ సంస్కారం ఇంకా పోలేదు.

ఎక్కువ రాసినా చిక్కే. ఎవరు పోయారు, ఎలా పోయారు, ఏ ఆస్పత్రి అన్నది రాసే మనిషి ఒక్కరి సొంత విషయం కాదు. పోయినవారికి భార్యో, భర్తో, పిల్లలో ఉంటారు. విదేశాల్లో ఉన్న కొడుకు విమానంలో ఉండగా, ఆ వార్తను వేల మంది ముందే చదివిన సందర్భాన్ని ఊహించండి. ‘పెద్దకర్మ దాకా అందరం ఊళ్లోనే ఉంటాం’ అని రాస్తే పట్నంలో ఇంటికి తాళం వేసి ఉందని చాటినట్టే. ఇంటి ముందు వాకిలి, గేటు వందల వీడియోల్లో కనబడిన కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. పైగా పేరూ ఫొటో దొరికితే చాలు, వాటితో థంబ్‌నెయిల్ తయారుచేసి ‘ఫలానా యూట్యూబర్ ఇంట తీవ్ర విషాదం’ అని వీడియో చేసేవాళ్లు ఉంటారు. వాళ్లకు ముడిసరుకు మనమే అందించడం ఎందుకు?

తిరిగి వచ్చే తేదీ రాయకపోవడం కూడా కావాలనే. పదకొండో రోజు తర్వాత పని మొదలుపెట్టొచ్చని అనుకుంటారు, కానీ కర్మ అయ్యాక బ్యాంకు కాగితాలు, మరణ ధ్రువపత్రం, వచ్చిపోయే బంధువులు ఉంటారు. పదిహేనో తారీఖు అని రాసి ఆ రోజు రాలేకపోతే మళ్లీ ఇంకో సంజాయిషీ రాయాలి. అప్పుడు వివరాలు చెప్పక తప్పని స్థితి వస్తుంది.

ఈ ప్రకటనను యూట్యూబ్‌లో పోస్టుగా పెట్టడం మంచిదే కానీ, అది చందాదారులందరికీ చేరుతుందన్న హామీ లేదు. వెతుక్కుంటూ వచ్చి పాత వీడియో చూసేవాళ్లకు అది కనబడనే కనబడదు. అందుకే అవే నాలుగు వాక్యాలను చివరి వీడియో కింద కామెంట్‌గా రాసి పిన్ చేయాలి. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో మాత్రమే పెడితే 24 గంటల్లో మాయమవుతుంది. అక్కడ మామూలు పోస్టుగా పెట్టి ప్రొఫైల్ పైన పిన్ చేస్తే నిలుస్తుంది.

అసలు బాధ కామెంట్లలో మొదలవుతుంది. వివరాలు అడగవద్దన్నా కొందరు అడుగుతారు. అంతకన్నా ఇబ్బంది పెట్టేది ఊహించేవాళ్లు. ఈ మధ్య వీడియోల్లో ఎవరు కనబడలేదో లెక్కేస్తారు. మన వంటల ఛానెల్లో అత్తగారు తరచూ పక్కన కూర్చుని పప్పు ఏరుతూ కనిపించేవారు. నెల రోజులుగా కూతురింట్లో ఉన్నారు. ‘అత్తమ్మ పోయారా అక్కా? ఓం శాంతి’ అని ఒకరు రాస్తే, చూసిన ప్రతివాళ్లూ అదే నమ్మి ఓం శాంతి అంటారు. నిక్షేపంలా ఉన్న ఆ పెద్దావిడ తన ఫోన్లో తన సంతాపాలు తానే చదవాల్సి వస్తుంది. ‘అత్తగారు కాదండీ’ అని జవాబిస్తే ‘మరి ఎవరు?’ అన్నది తర్వాతి ప్రశ్న. ఒకరిని కాదన్నాక ఇంకొకరిని కాదనాలి, చివరికి మిగిలిన పేరే జవాబైపోతుంది.

దీనికి జవాబివ్వకపోవడమే మేలు. యూట్యూబ్ స్టూడియో సెట్టింగుల్లో Blocked words అని ఒక పెట్టె ఉంది. అందులో రాసిన మాటలున్న కామెంట్లు బయటికి రాకుండా పరిశీలనకు ఆగిపోతాయి. ‘అత్తమ్మ’, ‘అత్తయ్య’, ‘మామయ్య’ వంటివి తెలుగులోనూ, athamma అని ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాయాలి, ఎందుకంటే మనవాళ్లలో సగం మంది అలాగే టైపు చేస్తారు. ఒక్కో మాటకూ నాలుగైదు స్పెల్లింగులు ఉంటాయి కాబట్టి కొన్ని జారిపోతాయి. వాటిని రోజుకోసారి ఎవరో చూసి తీసేయాలి. ఆ ఎవరో దుఃఖంలో ఉన్న మనిషి కాకపోతే మంచిది.

డబ్బు సంగతి కూడా ఉంది. చాలామందిని వెంటనే పనిలోకి తోసేది ‘ఆపితే ఆదాయం పోతుందేమో’ అన్న భయమే. కొత్తవి ఆగితే వ్యూస్ తగ్గుతాయి, నిజమే. కానీ పాత వీడియోల మీద ప్రకటనల ఆదాయం వస్తూనే ఉంటుంది. ఆరు నెలలు, అంతకుమించి వీడియో గానీ పోస్టు గానీ పెట్టని ఛానెల్‌కు ఆదాయ సదుపాయాన్ని తీసేసే హక్కు యూట్యూబ్ తన నిబంధనల్లో ఉంచుకుంది. నెలా రెండు నెలల విరామం ఆ గీత దరిదాపులకు కూడా వెళ్లదు. ప్యాట్రియన్‌లో నెలనెలా చందా కట్టేవాళ్లుంటే, ఆ నెల వసూలు ఆపే వీలు అక్కడుంది. వీడియో లేని నెలకు డబ్బు పట్టడం కన్నా అదే మర్యాద.

స్పాన్సర్లకు ఈ బహిరంగ ప్రకటన చాలదు. వాళ్లకు ఒప్పందం, తేదీ ఉంటాయి. పండక్కి ముందు రావాల్సిన నూనె కంపెనీ ప్రకటన పండగ తర్వాత వస్తే వాళ్లకు పనికిరాదు. కాబట్టి వాళ్లకు విడిగా మెయిల్ పెట్టి, ఫలానా తేదీకి ఇవ్వలేనని, కొత్త తేదీ పలానా రోజుకల్లా చెబుతానని రాయాలి. అడ్వాన్సు తీసుకుని ఉంటే ఆ మాటా అందులోనే తేల్చాలి. వాళ్లకు కూడా ‘కుటుంబంలో మరణం’ అన్నంత వరకు చెబితే చాలు.

తిరిగి వచ్చేటప్పుడు, ఆపి ఉంచిన వీడియోలను పూర్తిగా ఒకసారి చూడకుండా వదలకూడదు. వాటిలో పోయిన మనిషి ఉండొచ్చు. ఒక్కోసారి కెమెరా పట్టుకున్నది ఆ మనిషే కావచ్చు, ‘ఉప్పు సరిపోయిందా?’ అన్న గొంతు వెనక నుంచి వినిపించవచ్చు. ఆ గొంతును ఉంచాలా తీసేయాలా అన్నది ఇంట్లోవాళ్లందరూ కూర్చుని తేల్చుకోవాలి. ఏడాది వరకు పండగలు చేసుకోని ఇల్లయితే, ఉగాది పచ్చడి, సంక్రాంతి అరిసెల వీడియోలను పక్కన పెట్టి, మామూలు రోజు వండే పప్పుతోనో పులుసుతోనో మొదలుపెట్టడం తేలిక. పిన్ చేసిన కామెంట్‌ను ఆ రోజే తీసేయాలి, లేకపోతే కొత్త వీడియో వచ్చాక కూడా జనం పాత ప్రకటన చదివి మళ్లీ ఓం శాంతి రాస్తూనే ఉంటారు.