లెన్స్ డబ్బీ ఆరిందా?

2006లో అమెరికాలో కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లకు ఉన్నట్టుండి కళ్లలో బూజు పట్టసాగింది. ఫ్యుజేరియం అనే ఆ బూజు తెలుగు రాష్ట్రాల కంటి డాక్టర్లకు కొత్తది కాదు. కోతల్లో వరి ఆకో, గడ్డిపోచో గీసుకున్న రైతుల కళ్లలో వాళ్లు దాన్ని తరచూ చూస్తుంటారు. పొలం ముఖం చూడని అమెరికన్లకు అది ఎలా సోకింది?

నిర్ధారణ అయిన కేసులు 164. వాళ్లలో దాదాపు మూడో వంతు మందికి కార్నియా మార్చాల్సిన పరిస్థితి వచ్చింది. చాలామంది వాడింది ‘రెన్యూ విత్ మాయిశ్చర్‌లాక్’ అనే లెన్స్ ద్రావణం. కంపెనీ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అయితే ఫ్యాక్టరీలో గానీ, సీలు తీయని సీసాల్లో గానీ ఆ బూజు దొరకలేదు. అది ఇళ్లలోనే చేరింది. ఆ ద్రావణం దాన్ని చంపలేకపోయింది. జబ్బుపడినవాళ్లలో నిన్నటి ద్రావణాన్నే మళ్లీ వాడిన అలవాటు ఎక్కువగా కనిపించింది.

రెండు రోజులు తోమని బిందెలో చెయ్యి పెడితే వేళ్లకు జిగట తగులుతుంది. ఎప్పుడూ తడిగా ఉండే లెన్స్ డబ్బీలోనూ సూక్ష్మజీవులు అలాంటి పొరనే కట్టుకుంటాయి. కంటికి కనిపించనంత పల్చగా ఉన్నా, ద్రావణంలోని మందు దాని లోపలికి సరిగా దిగదు. పైగా ఒకసారి లెన్సులు నానిన ద్రావణంలో మందు బలం తగ్గిపోయి ఉంటుంది. దాని మీద కొంచెం కొత్తది పోస్తే అదీ పలచబడుతుంది.

అందుకే పొద్దున లెన్సులు పెట్టుకోగానే డబ్బీలోది మొత్తం పారబోయాలి. కొత్త ద్రావణం కొంచెం పోసి, శుభ్రమైన వేలితో గుంటల్ని, మూతల్ని రుద్ది కడగాలి. ఆ జిగటను వదిలించేది ఈ రుద్దడమే. తర్వాత శుభ్రమైన టిష్యూతో తుడిచి, మూతలు తీసి, డబ్బీని బోర్లించి రాత్రి దాకా ఆరనివ్వాలి. బాత్‌రూమ్‌లో పెడితే తేమకు ఆరదు, గదిలో పెట్టడం మేలు. కుళాయి నీళ్లు మాత్రం వద్దు. వాటిలో ఉండే అకాంతమీబా క్లోరిన్‌నూ తట్టుకుంటుంది, కార్నియాను తినేస్తుంది.

ఇంత చేసినా ప్లాస్టిక్ మీద పడే సన్నని గీతల్లో జిగట మిగిలిపోతుంది. ఎక్కువలో ఎక్కువ మూడు నెలలకు డబ్బీ మార్చాలి. మొదలుపెట్టిన తేదీని డబ్బీ అడుగున మార్కర్‌తో రాసుకుంటే గుర్తుంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడేవాళ్లు కొత్త సీసాతో వచ్చిన డబ్బీనే వాడాలి. పెరాక్సైడ్ ఘాటును విరిచే బిళ్ల అందులో ఉంటుంది, అది క్రమంగా అరిగిపోతుంది.

కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతుంటే వెంటనే లెన్స్ తీసేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆ రోజు మాత్రం పాత డబ్బీని పారేయకూడదు, కడగకూడదు. లెన్సులతో పాటు దాన్నీ తీసుకెళ్లాలి. కంటిలో ఉన్నది బ్యాక్టీరియానో, బూజో, అమీబానో తేల్చడానికి ల్యాబ్‌లో ఆ డబ్బీనీ పరీక్షిస్తారు.