ప్యాకెట్ విప్పగానే పుల్లటి వాసన

వాక్యూమ్ ప్యాక్ మటన్‌ను కత్తిరించగానే పులిసిన పెరుగులాంటి వాసన గుప్పుమంటుంది. ముక్క రంగు కూడా ఎరుపు కాదు, ఊదా. చాలామంది అప్పటికప్పుడు చెత్తబుట్టలో పడేస్తారు. అంత తొందర అక్కర్లేదు.

గాలి అందకపోతే మాంసాన్ని మామూలుగా పాడుచేసే బ్యాక్టీరియా అంతగా పెరగలేవు. వాటి చోటును లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసేవి ఆక్రమిస్తాయి. పాలను తోడుకునేలా చేసేవీ ఈ కోవలోవే. ఆ ఆమ్లం, మాంసం నుంచి ఊరిన నీరు రోజుల తరబడి ప్యాకెట్‌లోనే ఉండిపోవడంతో వాసన పేరుకుంటుంది. ఊదా రంగు ఆక్సిజన్ అందక వచ్చిందే.

గడువు తేదీ దాటలేదని చూసుకుని, ఊరిన నీరు వంపేసి, ముక్కల్ని పళ్లెంలో పరిచి ఫ్రిజ్‌లో 20-30 నిమిషాలు మూత లేకుండా ఉంచాలి. వాసన తేలిపోయి, పైభాగం ఎర్రబడితే వండుకోవచ్చు. వాసన అలాగే ఉన్నా, కుళ్లిన గుడ్డు కంపు కొట్టినా, వేళ్లకు జిగురు తీగలా సాగినా, తెరవకముందే ప్యాకెట్ ఉబ్బినా పారేయాల్సిందే. మసాలా ఎంత దట్టించినా లాభం లేదు.

చేప విషయంలో మాత్రం ఈ వెసులుబాటు ఇవ్వకూడదు. పుల్లటి వాసన, అమ్మోనియా ఘాటు వస్తే వదిలేయడమే మేలు. పైగా బొటులిజం తెచ్చే బ్యాక్టీరియాలో కొన్ని రకాలు గాలి లేనిచోట, 4 డిగ్రీల చలిలో కూడా నెమ్మదిగా పెరిగి విషాన్ని తయారుచేయగలవు. ఆ విషాన్ని ముక్కు పసిగట్టలేదు. అందుకే గడ్డకట్టిన చేపను కరిగించే ముందే ప్యాకెట్ కత్తిరించి, గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి.